‘చూసుకోకుండా ఇచ్చేసింది’ అని రాయకండి: మందు పొరపాటుపై ఘటన నివేదిక ఎలా రాయాలి

‘స్టాఫ్ నర్సు లేబుల్ చూసుకోకుండా ఇన్సులిన్ ఇచ్చేసింది.’

ఈ వాక్యంలో తిట్టు ఒక్కటీ లేదు. అయినా చదివినవాళ్లు ఆ నర్సుకు శిక్ష వేసే పేజీ తిప్పుతారు. ‘చూసుకోకుండా’ అన్న మాట ఆమె కళ్లు ఆ క్షణంలో ఏం చేశాయో చెబుతోంది. రాసిన మనిషి అప్పుడు ఆ గదిలో లేరు. ‘ఇచ్చింది’ అని ఉంటే అది ఒక పని. ‘ఇచ్చేసింది’ అనేసరికి దానికి తొందర, నిర్లక్ష్యం అంటుకున్నాయి. ‘డాక్టరు గారు చెప్పారు’ అని రాసే చేత్తోనే ‘నర్సు ఇచ్చింది’ అని రాయడంలో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది కూడా చెప్పేశాం.

నేను కోనసీమలోని ఒక పట్టణంలో చాలా ఏళ్లు వార్డు నర్సుగా పనిచేశాను. ఇప్పుడు వార్డుల నుంచి వచ్చే ఘటన నివేదికలు చదవడం నా పనిలో ఒక భాగం. మన ఆసుపత్రుల్లో ఫారం ఎక్కువగా ఇంగ్లిషులో ఉంటుంది. కానీ రాసేవాళ్లు ఆలోచించేది తెలుగులో. మన క్రియాపదాల్లో ఉన్న తీర్పు ఇంగ్లిషులోకి కూడా వెంట వస్తుంది. అందుకే ముందుగా తెల్లకాగితం మీద తెలుగులో రాసుకుని, అక్కడే శుభ్రం చేసుకుని, ఆ తర్వాత ఫారం నింపమని మా వాళ్లకు చెబుతాను. మీకూ అదే చెబుతున్నాను.

దీనికోసం ఒకే ఘటనను మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. రోగిని, వార్డును గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను.

ఏం జరిగింది

జూలై నెల. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజు. లంక గ్రామం నుంచి పడవ మీద, ఆ తర్వాత ఆటోలో వచ్చిన అరవై ఏళ్లు దాటిన ఒక రైతు కాలి పుండుతో వార్డులో చేరాడు. షుగర్ ఉంది. రాత్రి భోజనానికి ముందు రెగ్యులర్ ఇన్సులిన్ 12 యూనిట్లు చర్మం కింద ఇవ్వమని డ్యూటీ డాక్టరు రాశారు.

వార్డులో ఎప్పుడూ ఉండేది మిల్లీలీటరుకు 40 యూనిట్ల వయల్. దానికి సరిపోయేది ఎర్ర మూత ఉన్న 40 సిరంజి. ఆ రోజు ఆ వయల్ అయిపోయింది. ఇండెంటు పంపితే ఫార్మసీ నుంచి ‘స్టాకు లేదు’ అని తిరిగి వచ్చింది. రోగి కొడుకు చీటీ పట్టుకుని బయటి మందుల షాపుకు వెళ్లి ఒక వయల్ తెచ్చాడు. అది మిల్లీలీటరుకు 100 యూనిట్లది. దానికి నారింజ రంగు మూత ఉన్న 100 సిరంజి వాడాలి. వార్డు ట్రేలో ఉన్నవి ఎర్ర మూతవే.

నర్సు ఎర్ర మూత సిరంజిలో 12వ గీత దాకా తీసి ఇచ్చారు. 40 సిరంజిలో 12వ గీత అంటే 0.3 మిల్లీలీటరు. 100 యూనిట్ల వయల్‌లోంచి 0.3 మిల్లీలీటరు తీస్తే 30 యూనిట్లు. అంటే రాసినదానికి రెండున్నర రెట్లు. రెండు గంటల తర్వాత రోగికి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. షుగర్ 48కి దిగింది. గ్లూకోజు ఎక్కించాక కోలుకున్నాడు.

మర్నాడు వార్డు నుంచి వచ్చిన మొదటి నివేదిక ఇలా ఉంది:

‘నైట్ డ్యూటీ స్టాఫ్ నర్సు తొందరలో లేబుల్ చూసుకోకుండా పేషెంటుకు చాలా ఎక్కువ డోసు ఇన్సులిన్ ఇచ్చేసింది. పేషెంటు కొడుకు తప్పు ఇన్సులిన్ తీసుకురావడం కూడా ఇందుకు కారణం. వరదల వల్ల స్టాకు రాలేదు. డాక్టరు గారు సకాలంలో స్పందించి ప్రాణాపాయం తప్పించారు. ఇకపై ఇలాంటివి జరగకుండా జాగ్రత్తగా ఉండవలసిందిగా సిబ్బందికి సూచించడమైనది.’

ఐదు వాక్యాలున్నాయి. ఎంత ఇన్సులిన్ వెళ్లిందో లేదు. ఎన్ని గంటలకో లేదు. ఏ సిరంజో లేదు. రెండు రకాల వయళ్లు, రెండు రకాల సిరంజిలు ఉన్నాయన్న సంగతే లేదు. ఈ నివేదిక చదివి ఆ నర్సును మందలించడం తప్ప ఇంకేమీ చేయలేం. వచ్చే నెల అదే ట్రే దగ్గర ఇంకొక నర్సుకు ఇదే జరిగితే ఆపేదేమీ ఉండదు.

మొదట వస్తువులు, తర్వాత మాటలు

రోగి స్థిమితపడిన వెంటనే, కలం పట్టుకునే ముందే, వస్తువులను పక్కన పెట్టండి. వయల్, దాని అట్టపెట్టె, దొరికితే వాడిన సిరంజి, మందుల షాపు బిల్లు, తిరిగి వచ్చిన ఇండెంటు. సిరంజిని సూదితో సహా కవర్లో వేయకూడదు. గుచ్చుకోని గట్టి డబ్బాలో పెట్టి, మీద రోగి నంబరు, సమయం రాసి హెడ్ నర్సుకు అప్పగించండి. సిరంజి అప్పటికే సూదుల డబ్బాలో పడిపోయి ఉంటే వెతకకండి. చేయి గుచ్చుకుంటుంది. ‘వాడిన సిరంజి దొరకలేదు, ఆ సమయంలో ట్రేలో ఉన్నవన్నీ ఎర్ర మూత 40 సిరంజిలు’ అని రాస్తే చాలు. ఇందులో మీకు తెలిసిందీ ఉంది, తెలియనిదీ ఉంది. రెండూ నిజాలే.

గ్లూకోమీటర్ చాలా మంచి సాక్షి. అది ప్రతి రీడింగునూ సమయంతో సహా దాచుకుంటుంది. అయితే దాని గడియారం సరిగ్గా ఉందో లేదో చూడండి. ఈ ఘటనలో గ్లూకోమీటర్ వార్డు గోడ గడియారం కంటే 7 నిమిషాలు వెనుక ఉంది. అది గమనించకుండా రాసి ఉంటే, రోగి బాధ చెప్పకముందే షుగర్ చూసినట్టు కాగితం మీద తేలేది. తర్వాత చదివినవాళ్లు ఎవరో సమయాలు దిద్దారని అనుమానించేవాళ్లు. ఏ గడియారం ప్రకారం రాస్తున్నారో నివేదిక మొదట్లోనే చెప్పండి. 24 గంటల పద్ధతిలో రాయండి. రాత్రి పన్నెండు దాటిన ఘటనల్లో 12:30 అంటే పగలో రాత్రో తేలక తేదీయే తప్పిపోవడం నేను చూశాను.

ఇప్పుడు వాక్యాలు రాయకుండా సమయాలు మాత్రమే ఒక వరుసలో రాసుకోండి. ఎడమ పక్క సమయం, కుడి పక్క ఒక పని, దాని పక్కన అది మీకు ఎలా తెలుసో ఒక్క మాట: ‘చూశాను’, ‘చార్టులో ఉంది’, ‘ఫలానావారు చెప్పారు’, ‘లెక్క కట్టాను’. ఈ చివరి గడిని చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో నివేదిక మొత్తానికి ప్రాణం అదే. ఎందుకంటే ఏ మాటకు ఈ నాలుగింటిలో ఏదీ సరిపోదో ఆ మాట ఊహ. ‘తొందరలో’ పక్కన ఏం రాస్తారు? ఎవరూ చూడలేదు, చార్టులో లేదు, ఆమె చెప్పలేదు, లెక్కకు అందదు. కనుక అది పోవాలి.

‘30 యూనిట్లు ఇచ్చారు’ అన్న మాట సంగతీ ఇంతే. ఆ రాత్రి 30 అన్న అంకెను ఎవరూ చూడలేదు. నర్సు చూసింది 12వ గీత. 30 మనం తర్వాత కట్టిన లెక్క. కనుక ‘12వ గీత వరకు తీసి ఇచ్చారు, వయల్ బలం ప్రకారం లెక్కిస్తే అది 30 యూనిట్లు’ అని రెండు ముక్కలుగా రాయాలి. ఈ చిన్న తేడాతోనే పొరపాటు ఎలా పుట్టిందో దానంతటదే బయటపడుతుంది. నర్సు చేయి 12 దగ్గరే ఆగింది, డాక్టరు రాసింది 12. చేతికీ రాతకూ మధ్య తేడా లేదు. తేడా సిరంజికీ వయల్‌కీ మధ్య ఉంది.

అంకెల విషయంలో ఇంకొక మాట. యూనిట్లు అన్న పదాన్ని పూర్తిగా రాయండి. ఇంగ్లిషు ఫారంలో యు అనే ఒక్క అక్షరంతో సరిపెడితే చేతిరాతలో అది సున్నాలా కనిపించి 12 కాస్తా 120 అవుతుంది. పొరపాటు గురించి రాసే కాగితం ఇంకొక పొరపాటుకు దారి తీయకూడదు.

క్రియ దగ్గర ఆగి చూడండి

వరుస సిద్ధమయ్యాక వాక్యాలు రాయండి. రాసిన తర్వాత ప్రతి వాక్యం చివర ఉన్న క్రియ దగ్గర ఆగండి. తెలుగులో నింద ఎక్కువగా అక్కడే ఉంటుంది.

‘ఇచ్చేసింది’, ‘వదిలేసింది’, ‘పారేశారు’ లాంటివి కనిపిస్తే ఆ చివరి తోకను తీసేయండి: ‘ఇచ్చారు’, ‘వదిలారు’, ‘సూదుల డబ్బాలో వేశారు’. ‘చూడకుండా’, ‘అడగకుండా’, ‘చెప్పకుండా’ అన్నవి ఇంకా గట్టివి. ఇవి జరగని పనిని చెబుతాయి. జరగని పనిని ఎవరూ చూడలేరు. మీరు చూడగలిగేది ఆ పని జరిగినట్టు చెప్పే గుర్తు ఉందా లేదా అన్నదే. కనుక ‘రెండో నర్సుతో సరిచూడకుండా ఇచ్చారు’ అనే బదులు ‘డ్రగ్ చార్టులో సరిచూసినవారి సంతకం గడి ఖాళీగా ఉంది’ అని రాయండి. మొదటిది ఆరోపణ. రెండోది ఎవరైనా వెళ్లి చూసుకోగలిగిన విషయం. బహుశా సరిచూశారేమో, సంతకం మరిచిపోయారేమో. ఆ ప్రశ్నకు జవాబు విచారణలో వస్తుంది, మీ వాక్యంలో కాదు.

‘40 యూనిట్ల వయల్ అనుకుని ఇచ్చింది’ అని రాసేవాళ్లు ఆ నర్సుకు మేలు చేస్తున్నామనే అనుకుంటారు. కానీ ‘అనుకుని’ అంటే ఆమె మనసులోకి దూరి చెప్పడమే. ఆమె తానుగా ఆ మాట అంటే, ఆమె మాటల్లోనే, ఎప్పుడు చెప్పిందో సమయంతో రాయండి. ‘అట’ అని ముగిసే మాటకూ అదే మందు. ‘షాపులో వాళ్లు కొడుక్కి ఇదే ఇచ్చారట’ అని కాకుండా, ‘షాపులో చీటీ చూపిస్తే ఈ వయల్ ఇచ్చారని రోగి కుమారుడు 22:30కి చెప్పారు’ అనండి.

నింద తీసేయాలన్న ఆత్రంలో మనిషినే తీసేయడం ఇంకొక తప్పు. ‘ఇన్సులిన్ ఎక్కువ వెళ్లిపోయింది’ అని రాసిన కాగితాలు నాకు చాలా వచ్చాయి. ఇన్సులిన్ దానంతటది వెళ్లదు. ఎవరు తీశారు, ఎవరు ఇచ్చారు, ఏ చోట ఇచ్చారు అన్నవి లేకపోతే పని ఏ మెట్టు దగ్గర తప్పిందో తెలియదు. పైగా చదివేవాళ్లకు ఏదో దాస్తున్నారనిపిస్తుంది. చేసిన మనిషిని ఉంచండి, పేరును తీయండి. ‘స్టాఫ్ నర్సు 1’, ‘స్టాఫ్ నర్సు 2’, ‘డ్యూటీ డాక్టరు’ అని మొదటి నుంచి చివరి వరకు ఒకే తీరులో పిలవండి. అందరికీ ఒకే మర్యాద ఇవ్వండి. డాక్టరుకు ‘రాశారు’ అయితే నర్సుకు ‘ఇచ్చారు’, ఆయాకు ‘తెచ్చారు’, రోగి కొడుకుకూ ‘తెచ్చారు’. నేను చెప్పిన వాటిలో ఒక్కటే పాటించే ఓపిక ఉంటే దీన్ని పాటించండి. ‘ఇచ్చింది’ని ‘ఇచ్చారు’ చేయగానే రాసేవాళ్ల మనసులోనే కోపం కొంత తగ్గడం నేను మళ్లీ మళ్లీ గమనించాను.

పొగడ్త కూడా పోవాలి. ‘డాక్టరు గారు సకాలంలో స్పందించి ప్రాణాపాయం తప్పించారు’ అన్న వాక్యం మంచి మనసుతో రాసిందే. కానీ ఒకరిని రక్షకుడిగా నిలబెడితే, పక్కన ఇంకొకరు దోషిగా నిలబడతారు. ‘21:47కి డ్యూటీ డాక్టరుకు ఫోనులో తెలిపాం. 21:52కి గ్లూకోజు మొదలైంది’ అని రాస్తే అది సకాలమో కాదో చదివినవాళ్లకే తెలుస్తుంది.

పరిస్థితులను సాకులుగా కాక విషయాలుగా

ఆ రాత్రి వార్డు రద్దీగా ఉంది. నిజమే. కానీ ‘రద్దీ’ అన్న మాటకు ఎవరి కొలత వారిది. దానికి బదులు 24 మంది రోగులు, ఇద్దరు నర్సులు అని రాయండి. రెండో నర్సు 19:35 నుంచి 20:05 వరకు పాము కాటుతో కొత్తగా వచ్చిన రోగి దగ్గర ఉన్నారని రాయండి. వరద రోజుల్లో మా వైపు ఆసుపత్రుల్లో పాము కాటు కేసులు ఎలా ఉంటాయో చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇక్కడ ముఖ్యమైంది ఒక్కటే. సరిచూడవలసిన రెండో మనిషి ఆ అరగంట అందుబాటులో లేరు. అది ఎవరి తప్పూ కాదు. కానీ మార్చగలిగిన విషయం.

‘వరదల వల్ల స్టాకు రాలేదు’ అన్న వాక్యాన్ని నేను ఎందుకు కొట్టేశానని రాసినామె నన్ను అడిగింది. ‘నిజమే కదా మేడం, రాజమహేంద్రవరం నుంచి బండి రాలేదు, కాజ్‌వే మునిగింది, ఊరంతా తెలుసు’ అంది. ఊరంతా తెలిసిందీ, ఆమెకు వార్డులో తెలిసిందీ ఒకటి కాదు. ఆమె చేతిలో ఉన్నది ‘స్టాకు లేదు’ అని రాసి తిరిగొచ్చిన ఇండెంటు కాగితం. స్టాకు ఎందుకు లేదో ఫార్మసీ చెప్పాలి. బండి రాకపోవడమే కారణమో, వరద హెచ్చరిక వచ్చినప్పుడే ఎక్కువ తెప్పించి పెట్టుకోకపోవడం కారణమో విచారణలో తేలుతుంది. నివేదికలో ‘వరద’ అని రాసేస్తే ఆ రెండో ప్రశ్న ఎవరూ అడగరు. గోదావరి మీద వేసిన నింద కూడా నిందే. అది కూడా విచారణను అక్కడితో ఆపేస్తుంది.

రోగి చెప్పిన మాటను మాత్రం ఆయన మాటల్లోనే ఉంచండి. ‘రోగికి హైపోగ్లైసీమియా లక్షణాలు కనిపించాయి’ అని రాస్తే అది మీ నిర్ణయం. ‘సిస్టరమ్మా, ఒళ్లంతా చెమటలు పడుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి’ అన్నది ఆయన చెప్పింది. దాని పక్కన మీరు కొలిచిన అంకె 48 పెట్టండి. ఆ రెండూ కలిస్తే వైద్యపదం అవసరమే లేదు.

దిద్దిన నివేదిక

ఇదంతా చేశాక ఆ రాత్రి నివేదిక ఇలా తయారైంది. రోగి నంబరు, తేదీ, వార్డు ఫారంలోని వాటి గడుల్లో ఉన్నాయి, కనుక ఇక్కడ మళ్లీ లేవు.

‘సమయాలన్నీ వార్డు గోడ గడియారం ప్రకారం. గ్లూకోమీటర్ గడియారం దీనికంటే 7 నిమిషాలు వెనుక ఉంది.

రెగ్యులర్ ఇన్సులిన్ 12 యూనిట్లు రాసిన రోగికి, లెక్క ప్రకారం 30 యూనిట్లు చేరాయి. రెండు గంటల తర్వాత షుగర్ 48 మి.గ్రా.కు తగ్గింది. చికిత్స తర్వాత రోగి కోలుకున్నారు.

17:15: వార్డులోని 40 యూనిట్ల ఇన్సులిన్ వయల్ అయిపోవడంతో ఫార్మసీకి ఇండెంటు పంపాం. “స్టాకు లేదు” అని తిరిగి వచ్చింది (కాగితం జతచేశాం).
18:50: రాత్రి భోజనానికి ముందు రెగ్యులర్ ఇన్సులిన్ 12 యూనిట్లు చర్మం కింద ఇవ్వాలని డ్యూటీ డాక్టరు రాశారు. వయల్ బలం రాయలేదు. చార్టులో దానికి గడి లేదు.
19:30: షుగర్ 268.
19:35: రోగి కుమారుడు బయటి షాపు నుంచి వయల్ తెచ్చారు. లేబుల్‌పై మిల్లీలీటరుకు 100 యూనిట్లు అని ఉంది (వయల్, బిల్లు భద్రపరిచాం). కొనడానికి ఇచ్చిన చీటీలో “రెగ్యులర్ ఇన్సులిన్ 1 వయల్” అని ఉంది. బలం లేదు.
19:45: స్టాఫ్ నర్సు 1 ఆ వయల్ నుంచి ఎర్ర మూత 40 సిరంజితో 12వ గీత వరకు తీసి, పొట్ట మీద చర్మం కింద ఇచ్చారు. 12వ గీత అంటే 0.3 మి.లీ. ఈ వయల్ బలం ప్రకారం 30 యూనిట్లు. ఆ సమయంలో ట్రేలో 100 సిరంజిలు లేవు. సరిచూసినవారి సంతకం గడి ఖాళీగా ఉంది. వార్డులో రోగులు 24 మంది, నర్సులు ఇద్దరు. స్టాఫ్ నర్సు 2 19:35 నుంచి 20:05 వరకు కొత్తగా చేరిన రోగి వద్ద ఉన్నారు.
20:00: రోగి భోజనం చేశారు. సగం తిన్నారని కుమారుడు చెప్పారు.
21:40: “సిస్టరమ్మా, ఒళ్లంతా చెమటలు పడుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి” అని రోగి చెప్పారు.
21:45: షుగర్ 48. రోగి స్పృహలో ఉండి ప్రశ్నలకు జవాబు చెప్పారు.
21:47: డ్యూటీ డాక్టరుకు ఫోనులో తెలిపాం.
21:52: డాక్టరు ఆదేశం మేరకు 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ. నరంలోకి ఇచ్చాం.
22:10: షుగర్ 134. ఈ సమయంలో స్టాఫ్ నర్సు 2 వయల్ లేబుల్‌పై 100 యూనిట్లు అని ఉండటం గమనించి డాక్టరుకు తెలిపారు. 10 శాతం డెక్స్‌ట్రోజ్ డ్రిప్, గంటకొకసారి షుగర్ పరీక్ష రాశారు.
22:30: జరిగిన విషయం రోగికి, కుమారుడికి డ్యూటీ డాక్టరు చెప్పారు.
23:00 నుంచి 06:00 వరకు: గంటకొకసారి షుగర్ చూశాం. అతి తక్కువ రీడింగు 01:00కి 92. 06:00కి 151.’

మొదటి నివేదిక కంటే ఇది పొడవే. కానీ ఇందులో నాలుగు చోట్ల మార్పు చేయవచ్చని ఎవరికైనా వెంటనే కనిపిస్తుంది: మందు రాసే గడి, బయటకు పంపే చీటీ, సిరంజిల ట్రే, సరిచూసే మనిషి. ఒక్కచోట కూడా ‘కారణం’ అన్న మాట వాడలేదు. 19:45 దగ్గర ఉన్న సంగతులను గమనించండి. సిరంజి రంగు, ట్రేలో లేనివి, ఖాళీ గడి, మనుషుల సంఖ్య పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానితో ఒకటి ‘వల్ల’, ‘కనుక’ అని ముడిపెట్టలేదు. ముడి వేసే పని విచారణ కమిటీది.

మిగిలిన గడులు

హాని ఎంత అన్న గడిలో చాలామంది తప్పు చేస్తారు. మన ఆసుపత్రుల్లో చాలాచోట్ల వాడే అంతర్జాతీయ సూచికలో ఏ నుంచి ఐ వరకు తొమ్మిది తరగతులున్నాయి. తెల్లారేసరికి రోగి బాగున్నాడు కదా అని ‘సి’ వేస్తారు. ‘సి’ అంటే పొరపాటు రోగిని చేరినా హాని ఏమీ కలగలేదని. ఇక్కడ తాత్కాలిక హాని కలిగింది, చికిత్స చేయవలసి వచ్చింది. అది ‘ఈ’. దీనివల్ల ఆసుపత్రిలో ఉండవలసిన రోజులు పెరిగి ఉంటే ‘ఎఫ్’ అయ్యేది. తక్కువ వేస్తే దయ చూపినట్టు కాదు. ఆ కాగితం కమిటీ బల్ల మీద అడుగున పడిపోతుంది, అంతే.

సూచనల గడి ఖాళీగా వదిలినా ఫరవాలేదు. రాస్తే మాత్రం ‘జాగ్రత్తగా ఉండాలి’ అని రాయకండి. వస్తువునో, కాగితాన్నో, పని వరుసనో మార్చే మాట రాయండి. ‘బయటకు పంపే ఇన్సులిన్ చీటీలో బలం, సరిపోయే సిరంజి రెండూ రాయాలి’ అన్నది సూచన. ఎందుకంటే రేపు వెళ్లి అది జరుగుతోందో లేదో చూడవచ్చు.

సంజాయిషీ సంగతి కూడా చెప్పాలి. పొరపాటు చేసిన నర్సే నివేదిక రాస్తున్నప్పుడు ‘నా అజాగ్రత్త వల్ల జరిగింది, క్షమించగలరు’ అని మొదలుపెట్టడం మన దగ్గర అలవాటు. మెమో వస్తుందన్న భయంతో ముందే తలవంచడం అది. తనను తాను నిందించుకున్నా ఆ వాక్యం ఊహే. పైగా ట్రేలో సరైన సిరంజి లేదన్న సంగతిని అది కప్పేస్తుంది. యాజమాన్యం సంజాయిషీ అడిగితే అది వేరే కాగితం మీద, వేరే రోజు. ఘటన నివేదికలో ‘నేను 12వ గీత వరకు తీసి ఇచ్చాను’ అని మాత్రమే రాయండి.

చికిత్సకు సంబంధించిన విషయాలన్నీ, అంటే ఎంత ఇన్సులిన్ చేరింది, షుగర్ ఎంత, ఏం ఇచ్చాం, రోగికి ఏం చెప్పాం అన్నవి కేస్ షీట్‌లో కూడా ఉండి తీరాలి. తర్వాతి షిఫ్టు వాళ్లు చదివేది దాన్నే. సిబ్బంది సంఖ్య, ట్రే, చీటీ లాంటివి ఘటన నివేదికలోకి వెళతాయి. నివేదికను కేస్ షీట్‌కు పిన్ను చేయకండి. రెండింటిలోనూ సమయాలు ఒకేలా ఉన్నాయో లేదో పోల్చి చూడండి. ఎక్కడైనా తప్పు రాస్తే ఒకే గీతతో కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ, సమయం, పొట్టి సంతకం పెట్టండి. వైట్‌నర్ వాడిన కాగితాన్ని ఎవరూ నమ్మరు. మర్నాడు కొత్త విషయం తెలిస్తే పాతది దిద్దకుండా ‘అదనపు సమాచారం’ అని కింద చేర్చండి.

ఈ పద్ధతికి హద్దు ఉంది. మందు కావాలని తప్పుగా ఇచ్చారనో, మత్తులో డ్యూటీ చేశారనో అనుమానం ఉంటే అది ఘటన నివేదికతో తేలే విషయం కాదు. వెంటనే నర్సింగ్ సూపరింటెండెంటుకు గానీ మెడికల్ సూపరింటెండెంటుకు గానీ నేరుగా చెప్పాలి. నివేదికలో మాత్రం అప్పుడు కూడా చూసిందే రాయాలి. ‘తాగి ఉన్నారు’ అని కాదు. ‘మాట తడబడింది, నోటి నుంచి మద్యం వాసన వచ్చింది, 23:10’ అని.

పంపే ముందు ఆ రాత్రి డ్యూటీలో లేని, వేరే వార్డు నర్సు ఒకరికి చదవమని ఇవ్వండి. రోగిని గుర్తుపట్టే వివరాలున్న పై భాగం మడిచి ఇవ్వండి. చదివాక వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో వినండి. ‘ఎవరా నర్సు?’ అని అడిగితే ఏదో ఒక వాక్యంలో ఇంకా వేలు చూపించే మాట మిగిలి ఉంది. వెతికి తీయండి. మా నివేదికను పిల్లల వార్డు నర్సు చదివి అడిగింది వేరు: ‘ఆ వయల్ ఇప్పుడు ఏ ఫ్రిజ్‌లో ఉంది?’ వెళ్లి చూస్తే ఘటన జరిగిన వయల్ తాళంలోనే ఉంది. కానీ అదే సాయంత్రం అలాంటి చీటీతోనే ఇంకొక రోగి బంధువులు తెచ్చిన 100 యూనిట్ల వయల్ ఒకటి, ఎర్ర మూత సిరంజిల పక్కన, మా వార్డు ఫ్రిజ్ తలుపులో ఉంది. అదనపు సమాచారం కింద ఆ ఒక్క వాక్యం, చూసిన సమయం చేర్చి, ఆ వయల్‌ను కూడా తీసి పక్కన పెట్టి, అప్పుడు కాగితం పంపాం.